కంపెనీ మాట్లాడాలా, మౌనంగా ఉండాలా: బ్రాండ్ యాక్టివిజం వెనక అసలు లెక్క

ఒక సామాజిక వివాదం మీద కంపెనీ తన వైఖరి ప్రకటించాలా వద్దా అన్న చర్చ బోర్డు సమావేశంలో చాలాసార్లు ఒక సర్వేతో మొదలవుతుంది. జనంలో అరవై శాతం ఒకవైపు ఉన్నారు, నలభై శాతం మరోవైపు ఉన్నారు, కాబట్టి అరవై వైపు నిలబడదాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఈ లెక్క తప్పు. జనాభిప్రాయం కంపెనీ ఖాతాలోకి నేరుగా రాదు. వచ్చేది రెండు రకాల మనుషుల ప్రవర్తన మాత్రమే: ఇప్పుడు కొంటున్నవాళ్లలో ఎంతమంది మానేస్తారు, కొననివాళ్లలో ఎంతమంది కొత్తగా వస్తారు.

ఈ రెండూ సమానం కావు. ఇప్పటికే మీ సరుకు వాడుతున్న మనిషికి మీ ప్రకటన నచ్చితే సంతోషిస్తాడు, అంతే. నెలకు ఒక షాంపూ సీసా కొనేవాడు మీ మాట నచ్చిందని రెండు సీసాలు కొనడు. అదే నచ్చనివాడు ఆ ఒక్క సీసా కూడా మానేయగలడు. అంటే ఉన్న కస్టమర్ల దగ్గర లాభం సున్నాకు దగ్గరగా ఉంటుంది, నష్టం మాత్రం నిజమైనది. లాభమంటూ రావాలంటే బయటివాళ్ల నుంచే రావాలి. మరి బయట ఎంతమంది ఉన్నారన్నది మార్కెట్ వాటా మీద ఆధారపడి ఉంటుంది. మార్కెటింగ్ పరిశోధకులు 2020లో ఈ సంగతినే ప్రయోగాలతో చూపించారు: వైఖరి తీసుకుంటే పెద్ద వాటా ఉన్న బ్రాండ్ నష్టపోయే అవకాశం ఎక్కువ, చిన్న బ్రాండ్ లాభపడే అవకాశం ఎక్కువ.

అంకెలు వేసి చూస్తే విషయం తేటపడుతుంది. పదివేల మంది ఉన్న ఒక మార్కెట్ అనుకుందాం. వివాదాస్పద అంశం మీద జనం సరిగ్గా సగం సగంగా చీలి ఉన్నారు. వ్యతిరేకించే కస్టమర్లలో 10 శాతం మంది మానేస్తారని, సమర్థించే బయటివాళ్లలో 3 శాతం మంది కొత్తగా వస్తారని పెట్టుకుందాం. ఉన్నది మానేయడం కంటే కొత్తదానికి మారడం కష్టం కాబట్టి రెండో అంకె చిన్నది.

మొదటి బ్రాండుకు 40 శాతం వాటా, అంటే 4,000 మంది కస్టమర్లు. వాళ్లలో 2,000 మంది వ్యతిరేకులు, అందులో 200 మంది వెళ్లిపోతారు. బయట 6,000 మంది ఉంటే అందులో సమర్థకులు 3,000, వాళ్లలో 90 మంది వస్తారు. నికరంగా 110 మంది తగ్గారు. రెండో బ్రాండుకు 5 శాతం వాటా, 500 మంది కస్టమర్లు. 250 మంది వ్యతిరేకుల్లో 25 మంది పోతారు. బయట 9,500 మందిలో 4,750 మంది సమర్థకులు, వాళ్లలో సుమారు 142 మంది వస్తారు. నికరంగా 117 మంది పెరిగారు, అంటే ఉన్న కస్టమర్ల మీద దాదాపు పావు వంతు. మాట ఒకటే, జనాభిప్రాయం ఒకటే, మనుషుల ప్రవర్తన కూడా ఒకటే. ఫలితాలు మాత్రం ఎదురెదురుగా ఉన్నాయి. ఈ రేట్లు పెట్టుకుంటే లాభనష్టాలు సమానమయ్యే చోటు 23 శాతం వాటా దగ్గర వస్తుంది.

చిన్న బ్రాండ్లు ధైర్యంగా మాట్లాడి పెరగడం చూసి పెద్ద కంపెనీలు అదే దారి పట్టి దెబ్బతినడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడ ఉంది. అయితే ఈ సూత్రాన్ని పట్టుకుని మన వాటా పది శాతమే కదా, భయం లేదు అనుకోవడమూ ప్రమాదమే. సగం సగం, 10 శాతం, 3 శాతం అన్నవి ఊహించి పెట్టుకున్న అంకెలు. నిజ జీవితంలో అవి కదులుతాయి. అవి ఎంత దారుణంగా కదలగలవో 2023లో అమెరికాలో బడ్ లైట్ బీరుకు జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది.

బడ్ లైట్: అంకెలు ఎలా తిరగబడ్డాయి

2023 ఏప్రిల్ 1న డిలన్ మల్వేనీ అనే ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ తన ఇన్‌స్టాగ్రామ్‌లో బడ్ లైట్ ప్రచారం కోసం ఒక చిన్న వీడియో పెట్టింది. టీవీ ప్రకటన కాదు, దేశవ్యాప్త ప్రచారమూ కాదు. కొద్ది రోజుల్లో బహిష్కరణ పిలుపులు మొదలయ్యాయి. తర్వాతి మూడు నెలల్లో అంతకు ముందు సంవత్సరాల అదే కాలంతో పోలిస్తే అమ్మకాలు సుమారు 28 శాతం తక్కువగా ఉన్నట్టు ఇళ్ల కొనుగోళ్ల వివరాలు పరిశీలించిన పరిశోధకులు లెక్కగట్టారు. రెండు దశాబ్దాలకు పైగా అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన ఆ బీరును మే నెలలో మోడెలో ఎస్పెషల్ దాటేసింది. మాతృసంస్థ ఏబీ ఇన్‌బెవ్ అమెరికా ఆదాయం ఆ ఏడాది రెండో త్రైమాసికంలో 10.5 శాతం తగ్గింది, మూడో త్రైమాసికంలో 13.5 శాతం తగ్గింది.

బడ్ లైట్ వాటా దాదాపు పదో వంతు. పైన వేసిన లెక్క ప్రకారం అది లాభపడాలి. ఎందుకు మునిగింది?

మొదటి కారణం, సగం సగం అన్న అంకె అక్కడ చెల్లలేదు. దేశ జనాభాలో అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ బీరుకు ఏళ్లుగా కట్టుబడి ఉన్నవాళ్లలో సంప్రదాయవాద భావాలున్నవాళ్లు గణనీయంగా ఉన్నారు. సర్వే చేయాల్సింది దేశాన్ని కాదు, కస్టమర్లను. అందులోనూ అందరినీ సమానంగా లెక్కించకూడదు. అమ్మకాల్లో ఎక్కువ భాగం తరచూ కొనే కొద్దిమంది నుంచి వస్తుంది కాబట్టి వాళ్ల అభిప్రాయాన్ని వాళ్లు కొనే మొత్తాన్ని బట్టి తూకం వేయాలి.

రెండో కారణం, మానేయడం చాలా తేలిక. దుకాణంలో బడ్ లైట్ పక్కనే కూర్స్ లైట్, మిల్లర్ లైట్ ఉంటాయి. ధర దాదాపు అంతే, రుచిలోనూ పెద్ద తేడా లేదు. చేయి ఒక జానెడు పక్కకు జరిపితే బహిష్కరణ పూర్తయింది. అదే బ్యాంకు ఖాతా మార్చుకోవాలంటే జీతం జమ అయ్యే ఖాతా మార్చాలి, నెలనెలా కట్టే వాయిదాలన్నీ మళ్లీ పెట్టుకోవాలి. ఆఫీసంతా వాడే సాఫ్ట్‌వేర్ అయితే మార్చడానికి నెలలు పడుతుంది. అలాంటి చోట్ల కోపం సోషల్ మీడియాలో ఎంత ఎగసినా అమ్మకాల్లో అంతగా కనిపించదు.

మూడోది తరచూ మర్చిపోయేది: ఆ సరుకును నలుగురిలో వాడతారు. బార్‌లో చేతిలో ఉన్న సీసా ఏ కంపెనీదో పక్కవాడికి కనిపిస్తుంది. వివాదం మొదలయ్యాక ఆ సీసా పట్టుకోవడమే ఒక పక్షం తీసుకున్నట్టు అయింది. రాజకీయాలు పట్టని మనిషి కూడా స్నేహితుల ఎగతాళి ఎందుకని వేరేది అడిగాడు. ఇంట్లో ఎవరూ చూడకుండా వాడే వస్తువుకు ఈ ఒత్తిడి ఉండదు. అందుకే ఎంతమంది మానేస్తారో అంచనా వేసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే సగం పని అవుతుంది: కస్టమర్ రేపు మానేయాలనుకుంటే ఎంతసేపు పడుతుంది, మానేసినట్టు లేదా మానేయనట్టు ఎవరికి కనిపిస్తుంది?

ఇంతవరకూ జరిగింది కూడా కోలుకోదగిన దెబ్బే. అసలు తప్పు రెండు వారాల తర్వాత జరిగింది. ఏప్రిల్ 14న కంపెనీ అమెరికా విభాగం సీఈఓ ఒక ప్రకటన విడుదల చేశారు. జనాన్ని విడదీసే చర్చలో భాగం కావాలన్నది తమ ఉద్దేశం ఎప్పుడూ కాదన్నది దాని సారాంశం. మల్వేనీ పేరు అందులో లేదు. క్షమాపణ లేదు, సమర్థన కూడా లేదు. తర్వాత ఇద్దరు మార్కెటింగ్ అధికారులు సెలవు మీద వెళ్లినట్టు వార్తలు వచ్చాయి. కోపంగా ఉన్నవాళ్లు దీంతో శాంతించలేదు. మరోవైపు మద్దతుగా కొనడానికి ముందుకు రాగలవాళ్లు కంపెనీ తమను వదిలేసిందనుకున్నారు. ఎల్‌జీబీటీ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ తన సమానత్వ సూచీలో ఆ కంపెనీకి ఇచ్చిన రేటింగును మే నెలలో నిలిపివేసింది. లెక్కలో చూస్తే మానేసేవాళ్ల రేటు తగ్గలేదు, కొత్తగా వచ్చేవాళ్ల రేటు సున్నా అయింది. వైఖరి తీసుకున్నందుకు చెల్లించాల్సిన మూల్యమంతా చెల్లించి, దానికి దక్కాల్సిన ప్రతిఫలాన్ని చేజేతులా వదులుకోవడం ఇది.

2018 సెప్టెంబరులో నైకీ చేసినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. జాతీయ గీతం సమయంలో మోకాలి మీద నిలిచి నిరసన తెలిపిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్‌ను ఆ కంపెనీ తన ప్రచారానికి ముఖచిత్రంగా పెట్టింది. బూట్లు తగలబెట్టిన వీడియోలు వచ్చాయి. ప్రకటన తర్వాత మార్కెట్ తెరిచిన మొదటి రోజే షేరు సుమారు 3 శాతం పడింది. నైకీ ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. రెండు వారాలు తిరగకముందే షేరు అప్పటివరకూ ఎన్నడూ లేని గరిష్ఠాన్ని తాకింది. నైకీకి అనుకూలించినవి ఉన్నాయి: దాని ప్రధాన కస్టమర్లు యువకులు, నగరవాసులు. కేపర్నిక్ 2011 నుంచే ఆ కంపెనీతో ఒప్పందంలో ఉన్న ఆటగాడు కాబట్టి ఆ బంధం అప్పటికప్పుడు అతికించినట్టు కనిపించలేదు. వీటన్నిటితో పాటు, నిలబడింది కాబట్టే మద్దతుదారులకు కొనడానికి ఒక కారణం మిగిలింది.

రెండో ప్రకటన ముందు రాయాలి

దీని నుంచి ఒక ఆచరణాత్మక పద్ధతి పుడుతుంది. మొదటి ప్రకటన విడుదల చేసే ముందే మూడో రోజు, పద్నాలుగో రోజు ఇవ్వాల్సిన జవాబులు రాసి పెట్టుకోవాలి. మూడో రోజుకి బహిష్కరణ పిలుపు జోరందుకుంది, పద్నాలుగో రోజుకి అమ్మకాలు పదిహేను శాతం పడ్డాయి, ఒక పెద్ద పంపిణీదారు ఫోన్ చేసి నిలదీస్తున్నాడు. అప్పుడు ఏం చెబుతాం? ఆ కాగితం మీద సీఈఓ, ఆర్థిక విభాగాధిపతి, సేల్స్ అధిపతి ముగ్గురూ సంతకం పెట్టాలి. రాసిన జవాబు 'ఎవరినీ నొప్పించడం మా ఉద్దేశం కాదు' అన్న తరహాలో ఉంటే మొదటి ప్రకటనే ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ కంపెనీ నిలబడదని ఆ కాగితమే చెబుతోంది. సేల్స్ అధిపతి సంతకం ముఖ్యం. మార్కెటింగ్ విభాగం తీసుకున్న నిర్ణయానికి మొదటి దెబ్బ తగిలేది అతని మనుషులకే, అందరికంటే ముందు వెనక్కి తగ్గుదామనేదీ అక్కడి నుంచే.

ఎంత నష్టానికైనా సిద్ధమే అనడం కూడా సరిపోదు, అంకె ఉండాలి. క్రీడా సామగ్రి అమ్మే డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో కాల్పులు జరిగాయి. నిందితుడు అంతకు ముందు తమ దుకాణంలోనే ఒక తుపాకి కొన్నాడని కంపెనీ రికార్డుల్లో బయటపడింది. అది కాల్పుల్లో వాడిన తుపాకి కాదు, అమ్మకం చట్టప్రకారమే జరిగింది. అయినా రెండు వారాలకు, ఫిబ్రవరి 28న, సైనిక తరహా రైఫిళ్ల అమ్మకం ఆపేస్తున్నామని, 21 ఏళ్ల లోపువారికి ఏ తుపాకీ అమ్మబోమని సీఈఓ ఎడ్ స్టాక్ ప్రకటించారు. దానివల్ల కంపెనీ కోల్పోయిన అమ్మకాలు సుమారు 25 కోట్ల డాలర్లని ఆయన తర్వాత చెప్పారు. వెనక్కి తగ్గలేదు సరికదా, మిగిలిపోయిన రైఫిళ్లను తయారీదారుకు తిప్పి పంపకుండా ధ్వంసం చేయించారు.

ఇక్కడ గమనించాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, సంబంధం. ఆ కంపెనీ తాను అమ్మే సరుకు గురించే మాట్లాడింది, మాట్లాడిన రోజే అమ్మకం ఆపింది. మాటతో పాటే చేత ఉంది. 'మీకెందుకు ఈ విషయం?' అని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో జవాబు ఉంది. అలా ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ అంశం మీద మాట్లాడే హక్కు కంపెనీకి లేదని కాదు గానీ, విన్నవాళ్లు దాన్ని ప్రకటనల ఎత్తుగడగానే చూస్తారు. 2017 ఏప్రిల్‌లో నిరసన ప్రదర్శన నేపథ్యంగా పెప్సీ తీసిన ప్రకటన మర్నాడే ఉపసంహరించుకోవాల్సి రావడానికి కారణం అదే. అందులో కంపెనీ చేస్తున్న పని ఏదీ లేదు, డబ్బా ఒక్కటే ఉంది.

సొంత లెక్కల పుస్తకం ముందు తెరవాలి

విమర్శకులు ముందుగా వెతికేది మాటకూ చేతకూ మధ్య ఉన్న తేడాను. బ్రిటన్‌లో 250 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు స్త్రీ పురుషుల వేతనాల తేడాను ఏటా బహిరంగంగా ప్రకటించాలని చట్టం ఉంది. 2022 మహిళా దినోత్సవం నాడు ట్విట్టర్‌లో ఒక ఆటోమేటిక్ ఖాతా ఆ ప్రభుత్వ లెక్కలను పట్టుకుని కూర్చుంది. ఏదైనా సంస్థ మహిళలకు శుభాకాంక్షలు చెబుతూ పోస్టు పెట్టగానే, ఆ సంస్థలో స్త్రీల మధ్యస్థ గంట వేతనం పురుషుల కంటే ఎంత తక్కువో దాని కిందే వచ్చేసేది. చాలా సంస్థలు తమ పోస్టులను తీసేశాయి. వాటిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. పోస్టు పెట్టిన విభాగం జీతాల విభాగాన్ని అడగలేదు, అంతే.

కాబట్టి ప్రకటనకు ముందు ఒక మనిషిని కేటాయించి ప్రత్యర్థిలా వెతికించాలి. ఆ అంశానికి సంబంధించి సొంత జీతాల లెక్క, నియామకాలు, సరఫరాదారుల దగ్గరి పని పరిస్థితులు, పెండింగ్ కేసులు, అన్నిటికంటే ముఖ్యంగా రాజకీయ విరాళాలు. డిస్నీకి 2022లో ఇదే అడ్డం తిరిగింది. తరగతి గదుల్లో లైంగిక ధోరణుల గురించి బోధించడాన్ని పరిమితం చేసే బిల్లు ఫ్లోరిడాలో వచ్చినప్పుడు కంపెనీ మొదట బహిరంగంగా మాట్లాడకూడదని నిర్ణయించింది. కానీ ఆ బిల్లును సమర్థించిన శాసనసభ్యులకు అది విరాళాలు ఇచ్చిందన్న సంగతి బయట ఉంది. డబ్బు మాట్లాడుతుంటే నోరు మౌనంగా ఉందంటే ఎవరూ దాన్ని తటస్థత అనుకోలేదు. ఉద్యోగులు తిరగబడ్డారు. మార్చి 9న వాటాదారుల సమావేశంలో సీఈఓ బాబ్ చాపెక్ బిల్లును వ్యతిరేకిస్తున్నట్టు చెప్పారు, రెండు రోజులకు ఉద్యోగులకు క్షమాపణ చెప్పి రాష్ట్రంలో విరాళాలు ఆపారు. అయినా మార్చి 22న ఉద్యోగులు పని ఆపి బయటికి నడిచారు. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం డిస్నీ వరల్డ్‌కు దశాబ్దాలుగా ఉన్న ప్రత్యేక పాలనా జిల్లాను రద్దు చేసే చట్టం తెచ్చింది. ఆ తర్వాత సాగిన కోర్టు పోరు 2024 మార్చి నాటికి గానీ రాజీ దారి పట్టలేదు.

మౌనం తప్పని దీని అర్థం కాదు. చాలా అంశాల మీద మౌనమే సరైన నిర్ణయం, ముఖ్యంగా కంపెనీకి చెప్పడానికి మాట తప్ప చేయడానికి పని లేనప్పుడు. కానీ అప్పటికే ఒకవైపు డబ్బు ఇచ్చిన కంపెనీకి మౌనం అందుబాటులో లేదు. అలాగే లైసెన్సులకో పన్ను రాయితీలకో భూమికో ఒక ప్రభుత్వం మీద ఆధారపడిన కంపెనీ, కస్టమర్ల లెక్కతో పాటు ఆ ప్రభుత్వం తలుచుకుంటే ఏమేం వెనక్కి తీసుకోగలదో వేరే కాగితం మీద రాసుకోవాలి. కస్టమర్ల నష్టం కొద్దికొద్దిగా వస్తుంది, ప్రభుత్వం నుంచి వచ్చేది ఒక్క సంతకంతో వస్తుంది.

తర్వాత ఏం చూడాలి

ప్రకటన వెలువడ్డాక మొదటి వారం సోషల్ మీడియాను చూస్తూ కూర్చుంటే నిర్ణయాలు తప్పుతాయి. 2020 జులైలో అమెరికా ఆహార కంపెనీ గోయా అధిపతి అప్పటి అధ్యక్షుడు ట్రంప్‌ను పొగిడినప్పుడు ట్విట్టర్‌లో బహిష్కరణ పిలుపే ఎక్కువగా వినిపించింది. అమ్మకాల్లో కనిపించింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మద్దతుదారులు ఎగబడి కొనడంతో అవి తాత్కాలికంగా 22 శాతం పెరిగాయి, మూడు వారాలు తిరిగేసరికి ఆ పెరుగుదల మాయమైంది. మద్దతుగా ఒకసారి కొన్నవాళ్లకు ఆ సరుకు వాడే అలవాటు లేదు. అందుకని పైన వేసుకున్న 3 శాతం రాకను, అందులో రెండోసారి కొనేవాళ్ల వాటాతో గుణించిన తర్వాతే నమ్మాలి. పదిమందిలో ఇద్దరే మళ్లీ వస్తే 5 శాతం వాటా ఉన్న చిన్న బ్రాండుకు వచ్చిన 142 మంది 28 మంది అవుతారు, పోయిన 25 మందిని తీసేస్తే మిగిలే లాభం మూడు.

చూడాల్సింది వారం వారం అమ్మకాలు. గత ఏడాది ఇదే వారంతో, అదే వారం పోటీదారు అమ్మకాలతో, అభిప్రాయాలు భిన్నంగా ఉన్న ప్రాంతాల మధ్య పోల్చి చూడాలి. ప్రాంతాల మధ్య తేడా ఏమీ లేకుండా అంతటా ఒకేలా పడితే కారణం వివాదం కాకపోవచ్చు. జిలెట్ 2019 జనవరిలో పురుషుల ప్రవర్తన మీద తీసిన ప్రకటన వివాదమైంది, అదే ఏడాది జులైలో మాతృసంస్థ పీ అండ్ జీ జిలెట్ విలువను 800 కోట్ల డాలర్లు తగ్గించి రాసుకుంది. రెండిటినీ ముడిపెట్టి ఇప్పటికీ చెబుతుంటారు. కంపెనీ చెప్పిన కారణాలు మాత్రం విదేశీ మారకపు రేట్లు, గడ్డం గీసుకోవడం తగ్గడం, కొత్త పోటీ. ఇవన్నీ ఆ ప్రకటనకు ముందే చాలా ఏళ్లుగా సాగుతున్నవి.

నాలుగో వారానికి ప్రాంతాల మధ్య తేడా తగ్గుతుంటే కదలకుండా ఉండాలి. ఎనిమిదో వారానికి కూడా తేడా అలాగే ఉండి, మానేసినవాళ్లు వరుసగా ఒకే పోటీదారు సరుకు కొంటున్నట్టు కనిపిస్తే అది కోపం దశ దాటి అలవాటు దశలోకి వెళ్లింది. అప్పుడు కొత్త ప్రకటనలు పనిచేయవు. ధర తగ్గింపులు, దుకాణాల్లో స్థానం, పంపిణీదారులకు నష్టపరిహారం వంటి మామూలు అమ్మకాల పనితోనే ఆ కస్టమర్లను ఒక్కొక్కరిగా తిరిగి తెచ్చుకోవాలి. ఆ ఖర్చు కూడా మొదటి రోజు సంతకం పెట్టిన కాగితంలోని అంకెలో ఉండాలి.